స్కిప్ చేయని చేతులు

మా పనేమిటో ఎవరికైనా చెప్పాలంటే నేను పెళ్లి బంతితో మొదలుపెడతాను. ఫోన్‌లో పాటో వార్తో పెట్టుకుంటే ముందు ఒక ప్రకటన వస్తుంది కదా, అయిదు సెకన్లు కాగానే మూలకు "స్కిప్" అని మీట కనబడుతుంది కదా, అలాంటి వీడియో ప్రకటనలు తీసి, డబ్బు కట్టి వేయించడం మా వ్యాపారం. డబ్బు పెట్టినవాడు మూడు సంగతులు అడుగుతాడు. బంతిలో కూర్చున్నవాళ్లలో చివరి పెరుగన్నం దాకా తిన్నది ఎంతమంది? దాన్ని వ్యూ త్రూ రేటు అంటాం. నడుమనే విస్తరి వదిలి లేచిపోయింది ఎంతమంది? అది స్కిప్ రేటు. అయిన ఖర్చంతా కడుపునిండా తిన్నవాళ్ల మీదనే పంచితే ఒక్కో మనిషికి ఎంత పడింది? అది పూర్తిగా చూసిన ఒక్కో వ్యూకు అయిన ఖర్చు. స్కిప్ కొట్టకుండా ఫోనే మూసేసి పోయేవాళ్లు కూడా కొందరుంటారు, వాళ్లు తిన్నవాళ్లలోనూ పడరు, లేచిపోయినవాళ్లలోనూ పడరు.

ఈ ముచ్చట చెప్తే మా పాలమూరు సేట్లకు ఇట్టే అర్థమయ్యేది. హైదరాబాద్ నుంచి వచ్చే ఏజెన్సీవాళ్లు కంప్యూటర్ తెరిచి గంటసేపు ఇంగ్లీషులో దంచితే తలలూపేవాళ్లు, వాళ్లు పోయాక నాకు ఫోన్ చేసి "ఏం చెప్పిండ్రు బిడ్డా గాళ్లు?" అని అడిగేవాళ్లు. నాకు లోపల గర్వంగానే ఉండేది, దాచుకోను.

మహబూబ్‌నగర్ బస్టాండుకు వెనక సందులో, ఒక కళ్లద్దాల దుకాణం మీద మాకు రెండు గదుల ఆఫీసు. మేమిద్దరం భాగస్వాములం. వీడియోలు రాయడం, తీయడం నా పని. డబ్బు కట్టి వాటిని ఎక్కడ, ఎవరికి, ఏ వీడియోల ముందు చూపించాలో చూసుకోవడం ఆయన పని. ఆయనది తిరుమలగిరి వైపు ఊరు. నాకంటే కొంచెం పెద్ద. మొదటి రోజు నుంచి నేను అన్నా అనే పిలిచాను, ఆయన చెల్లె అన్నాడు. మా మధ్య ఒక పద్ధతి ఉండేది. ఆయన నా స్క్రిప్టులో వేలు పెట్టడు, నేను ఆయన అకౌంట్ తెరవను. పాస్‌వర్డ్ గోడ మీద క్యాలెండర్ పక్కనే రాసి ఉండేది, అయినా నేను ఎప్పుడూ తెరవలేదు. అక్కచెల్లెళ్లు అన్నదమ్ముల ఇంటికి పోయి బీరువాలు తెరిచి చూస్తారా? నాకది అంతే.

ఆయన నాకు నేర్పిన పాఠం ఒకటుంది. మా దగ్గరికి వచ్చిన మొదటి బేరం ఒక బట్టల దుకాణం. వేరే ఎవరో వేసిన ప్రకటనకు అంకెలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి, దుకాణంలోకి మాత్రం ఈగ కూడా రావడం లేదు. అన్న ఆ అంకెలు చూసి నవ్వాడు.

"చెల్లె, గీ యాడ్ ఏడ పడ్డదో చూడు. దేవుని పాటల ముందు, పోరగాండ్ల బొమ్మల ముందు. పొద్దుగాల పాట పెట్టి పోన్ అలమార్ల పెడ్తరు, చేతులేమో గిన్నెలల్ల ఉంటయి. స్కిప్ ఎవరు కొడ్తరు? చిన్నపిల్లలకు స్కిప్ అంటే ఎరుకేనా? యాడ్ ఆఖరిదాంక నడుస్తది. చూసినోడు మాత్రం ఒక్కడుండడు."

"అయితే మంచిగనే ఉన్నట్టు కదనే అన్నా, అంకెల్ల?"

"అంకెల్లనే మంచిగుంటది. పైంగ గాడ జాగా అగ్గువ, ఎవ్వడు పోటీకి రాడు. ఖర్చు తక్కువ, పూర్తిగ చూసినోళ్లు ఎక్కువ. సేటు ఖుష్. బేరం మాత్రం గుండు సున్నా."

ఆ రోజే మా ఆఫీసులో కట్టుబాటు పెట్టుకున్నాం. రైతులకో గృహిణులకో అమ్మే సరుకుకు ప్రకటన వేసేటప్పుడు భక్తి పాటలు, పిల్లల బొమ్మలు ముందే తీసేయాలి. రెండు వీడియోలను పోల్చి చూడాల్సి వస్తే రెంటినీ ఒకే రకం వీడియోల ముందు, ఒకే ఊళ్లలో, ఒకే వయసువాళ్లకు చూపించాలి. లేకుంటే ఆకలితో ఉన్న బంతిని, తినొచ్చిన బంతిని పక్కపక్కన పెట్టి వంటవాణ్ణి తప్పు పట్టినట్టవుతుంది. ఈ మాట నేను ఊరూరా చెప్పేదాన్ని, అన్న నేర్పిన మాట అని పేరు కూడా చెప్పేదాన్ని.

ఇక అసలు సంగతి. మోటార్లు, డ్రిప్పు పైపులు అమ్మే సేటు ఒకాయన ఉన్నాడు. ఆత్మకూర్‌లో మొదలుపెట్టి నల్గొండ దాకా దుకాణాలు పెంచాడు. ఆయనకు ఏడాది పొడుగునా వీడియో ప్రకటనలు కావాలి. మా వంటి చిన్న ఆఫీసుకు అది దొరికితే ఇక వెనక్కి చూడనవసరం లేదు. అదే పని మీద హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి కూడా కన్నేసింది. సేటు తెలివైనవాడు. చెరొక వీడియో తీయండి, ఒకే పొడవుండాలి, రెండూ వేసి చూద్దాం, ఎవరిది జనం చివరిదాకా చూస్తే వాళ్లకే పని అన్నాడు. వేసే పని మా అన్నకే అప్పగించాడు. ఏజెన్సీవాళ్లు కూడా ఒప్పుకున్నారు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. పోటీదారుడి మనిషి చేతిలో తమ వీడియో పెట్టడానికి ఎవరైనా అంత సులువుగా ఒప్పుకుంటారా? నాకు రాలేదు. అన్న నిజాయితీకి హైదరాబాద్‌లో కూడా పేరుందని మురిసిపోయాను.

ఏజెన్సీవాళ్ల వీడియోలో తెల్ల చొక్కా రైతు, పచ్చటి పొలం, పక్కన నవ్వే భార్య. "మీ పంటకు ప్రాణం, మా నాణ్యత ప్రమాణం" అని వార్తలు చదివినట్టు చదివే గొంతు. ఆ రైతు కాళ్లకు ఒక్క మట్టి మరక లేదు.

నేను మా మేనత్తను పెట్టాను. ఆత్మకూర్ పక్క పల్లెలో ఆమెకు వేరుశనగ చేను ఉంది. కెమెరా అంటే భయం లేని మనిషి, భయమంటేనే తెలియని మనిషి. మొదటి అయిదు సెకన్లలో చూసేవాణ్ణి పట్టుకోవాలి, లేకుంటే వేలు స్కిప్ మీదికి పోతుంది. అందుకని వీడియో తెరవగానే అత్త బోరు దగ్గర కాలిపోయిన మోటారు ముందు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి తిట్లు లంకించుకుంటుంది. "మల్ల కాలినవా? నిరుడు కాలితివి, మొన్న కాలితివి. నీ పెండ్లి చేసి అత్తగారింటికి తోల్త ఆగు!" నేను రాసిచ్చింది మొదటి మాటే. పెళ్లి చేసి తోలడం అత్త సొంతం. కెమెరా పట్టుకున్నతను నవ్వాపుకోలేక చేయి వణికించాడు, ఆ వణుకు వీడియోలో అలాగే ఉంచేశాను.

నాకు ఈ పని దొరకడం ఒకటే ముఖ్యం కాదు. మన మాట కామెడీకి తప్ప పనికిరాదని, సరుకు అమ్మాలంటే పుస్తకం తెలుగే కావాలని మా రంగంలో పెద్దవాళ్లు ముఖం మీదే చెప్పేవాళ్లు. "మీ యాస వినగానే స్కిప్ కొడతారండీ" అని ఏజెన్సీ మేడం ఒకామె నాతో నవ్వుతూ అన్నది. మా అత్త మాటకు మా రైతు వేలు ఆగుతుందా, ఆగదా? నాకది తేలాలి. తెలంగాణ వచ్చి ఇన్నేళ్లయినా ఒక మోటారు ప్రకటనలో మన గొంతు వినబడదా అని నాకు కడుపుమంట.

పోటీ నడిచింది శ్రావణ మాసంలో. రోజూ పొద్దున ఆఫీసుకు రాగానే "ఎట్లుందే అన్నా?" అని అడిగేదాన్ని. "నడుస్తాంది చెల్లె, ఫికర్ చెయ్యకు" అనేవాడు. నేను టీ తెప్పించేదాన్ని.

ఒక శుక్రవారం పక్కింటి వదిన లక్ష్మీపూజకు పిలిచింది. కలశం పక్కన చెంబుకు ఆనించి ఫోన్ పెట్టి పూజ పాటలు పెట్టింది. పాట నడుమ ఏజెన్సీవాళ్ల తెల్ల చొక్కా రైతు వచ్చాడు. వదిన చేతినిండా పసుపు. నా చేతిలో అక్షింతలు. మిగతా ఆడవాళ్లు తోరాలు కడుతున్నారు. ఎవరూ ఫోన్ ముట్టలేదు, ఎవరూ అటు చూడలేదు కూడా. ఆ రైతు ప్రమాణం అంతా చెప్పుకొని పోయాక మళ్లీ పాట అందుకుంది. "గిది మా సేటు యాడే వదినా" అని నేనే సంబరంగా చెప్పాను. భక్తి పాటల ముందు ఇది ఎందుకొచ్చింది అన్న ప్రశ్న ఆ క్షణం నా బుర్రలోకి రాలేదంటే, నమ్మకం మనిషిని ఎంత గుడ్డిదాన్ని చేస్తుందో చూడండి.

ఆ తరువాతే రాఖీ పున్నమి. ఎప్పటిలాగే ఆయన ఇంటికి పోయి రాఖీ కట్టాను. బొట్టు పెట్టి, నోట్లో పేడా పెట్టాను. తల వంచుకొని కట్టించుకున్నాడు. ఆయన భార్య నాకు చీర పెట్టింది. ఆ రోజుకు పోటీ ఇంకా నడుస్తూనే ఉంది. ఇది తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అలా చేయి చాపి రాఖీ కట్టించుకోవడానికి ఆయనకు మనసెట్లా ఒప్పింది?

ఫలితం చెప్పే రోజు సేటు దుకాణం వెనక గదిలో కూర్చున్నాం. ఏజెన్సీ మేడం కూడా వచ్చింది. అన్న కంప్యూటర్ తిప్పి చూపించాడు. వాళ్ల వీడియో చూపించిన నూరు మందిలో సగానికి మించి చివరిదాకా చూశారట. మా అత్తను నలుగురిలో ఒక్కరు కూడా పూర్తిగా చూడలేదు. స్కిప్ రేటు మాకు ఆకాశంలో ఉంది, వాళ్లకు నేల మీద ఉంది. పూర్తిగా చూసిన ఒక్కొక్కరికి అయిన ఖర్చు మాది వాళ్లదానికి ఎన్నో రెట్లు.

సేటు నా వైపు చూసి ఇబ్బందిపడ్డాడు. "బిడ్డా, నాకైతే మీ అత్తనే నచ్చింది. మా ఇంట్ల అందరు నవ్విన్రు. గని గీ మూడు లెక్కలు చూసుకొనే పైసలు పెట్టాలె అని చెప్పింది నువ్వే గద."

అవును, నేను చెప్పిందే. ఏజెన్సీ మేడం నా చేయి నొక్కి, "ప్రయత్నం బాగుందండీ" అన్నది. ఆ ఓదార్పు కన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. మెట్లు దిగేటప్పుడు అన్న నా పక్కనే ఉన్నాడు. "జనానికి నచ్చలె చెల్లె, ఏం చేస్తం" అన్నాడు. నేను ఆయన్నే ఓదార్చాను. పని పోయిందని ఆయన బాధపడుతున్నాడేమో అనుకున్నాను.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. జనం నా మీద తీర్పు చెప్పారనుకున్నాను. మా రైతులే, మా ఆడవాళ్లే, మన మాట వినగానే వేలు ఆడించి పక్కకు నెట్టేశారనుకున్నాను. అత్త ఫోన్ చేసి "నా ఇడియో ఏమాయె బిడ్డా?" అని అడిగితే, ఇంకా లెక్క తేలలేదని బొంకాను. వనపర్తి రోడ్డు మీద పోతూ మోటారు దుకాణం బోర్డు కనబడితే తల తిప్పుకునేదాన్ని. నాకు నా ఊరి మీదే కోపం వచ్చింది. ఏ పాపం ఎరుగని జనాన్ని మనసులో ఎన్ని తిట్టుకున్నానో!

ఆదివారం మా అక్క ఇంటికి పోయాను. అక్క మనవరాలు, ఇంకా మాటలు సరిగా రాని పిల్ల, ఫోన్‌లో ఏనుగు బొమ్మల పాట చూస్తూ పాలన్నం తింటోంది. బొమ్మ ఆగి తెల్ల చొక్కా రైతు వచ్చాడు, పని వాళ్లకే దక్కింది కాబట్టి ఆ ప్రకటన ఇంకా నడుస్తోంది. పిల్ల నోరు తెరుచుకొని చూస్తూనే ఉంది. స్కిప్ మీట వచ్చింది, పోయింది. అక్క ఇంకో ముద్ద పెట్టింది. రైతు పని ముగించుకొని పోయాడు, ఏనుగు మళ్లీ వచ్చింది.

నా చేతిలో మంచినీళ్ల గ్లాసు అలాగే ఉండిపోయింది. పక్కింటి పూజ గుర్తొచ్చింది. అక్కడా వీడే. ఇక్కడా వీడే. పాటల ముందు, బొమ్మల ముందు మా అత్త ఒక్కసారైనా రాలేదేం? ఆ ఫోన్ తీసుకొని క్రికెట్ ముక్కలు, రాజకీయ వార్తలు, కామెడీ బిట్లు పెట్టి చూశాను. అవి ఆత్రంగా చూసేవాళ్ల జాగాలు, వేలు సిద్ధంగా పెట్టుకొని కూర్చునే జాగాలు. అక్కడ ప్రకటనలు చాలానే వచ్చాయి. తెల్ల చొక్కా రైతు మాత్రం ఎక్కడా లేడు. పోటీ అయిపోయింది కాబట్టి మా అత్త కూడా లేదు.

మరునాడు పొద్దున ఆఫీసులో అన్న తన సొరుగు సర్దుకుంటున్నాడు. సర్దుకోవడం ఎందుకో అడగలేదు. నేరుగా ఆయన కుర్చీలో కూర్చొని, గోడ మీది పాస్‌వర్డ్ కొట్టి, ఇన్నేళ్లలో మొదటిసారి అకౌంట్ తెరిచాను.

"ఏం చూస్తున్నవ్ చెల్లె?"

"నీ బీరువ."

ఆయన అడ్డు రాలేదు. ఒక్క మాట మాత్రం అన్నాడు. "మిషన్ దానంతటదే పంచుతది, ఏది ఏడికి పోతదో మన చేతుల ఉండది."

"నాకు నేర్పిన పాఠం నాకే తప్పు చెప్తున్నవా అన్నా? ఏ వీడియోల ముందు రావాల్నో మనమే పెట్టొచ్చని నువ్వే చెప్పితివి."

తెర మీద అన్నీ ఉన్నాయి. వాళ్ల వీడియోకు భక్తి పాటలు, పిల్లల బొమ్మలు ఏరి ఏరి పెట్టాడు. మా అత్తకు వాటిని తీసేసి, వార్తలు, క్రికెట్, కామెడీ పెట్టాడు. మా ఆఫీసు కట్టుబాటు మా అత్తకు మాత్రమే అమలైంది. దాన్ని వాళ్ల వీడియోకు ఎత్తేశాడు. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అందుకే సేటు ముందు అంత నిబ్బరంగా తిప్పి చూపించగలిగాడు.

"ఎందుకు చేసినవ్?"

ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏజెన్సీవాళ్లు హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారట. సేటు పని వాళ్లకు వస్తేనే అన్నారట. పిల్లల చదువులట, ఈ సందులో ఎన్నాళ్లట. అన్నీ నిజమే కావచ్చు. నన్ను అడిగితే పొమ్మనేదాన్ని, పండ్లు కొనిచ్చి బస్సెక్కించేదాన్ని. అది కూడా అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా లేచిందంటే కింది కళ్లద్దాల దుకాణం ఆయన మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సేటుకు చెప్త," అన్నాను.

"చెప్పు. సంవత్సరానికి కాయితాల మీద సంతకం అయిపోయింది. నమ్ముతడు, గని ఏం చెయ్యడు."

తరువాత చెప్పాను కూడా. సేటు "నాకు గీ వయసుల కోర్టులెందుకు బిడ్డా" అన్నాడు. అన్న లెక్క అక్కడ కూడా తప్పలేదు.

ఆ పొద్దున మాత్రం నాకు సేటు మీద లేదు ధ్యాస. నాకు ఒక్కటి తెలియాలి. వారం రోజులుగా నన్ను తినేస్తున్నది అదొక్కటే.

"ఒక్కటి చెప్పు అన్నా. మనోళ్లు నిజంగ మన మాటను స్కిప్ కొట్టిన్రా? అత్త వీడియో అంత పాడుగున్నదా? అందుకేనా మోసం చేసినా పాపం లేదనుకున్నవ్?"

ఆయన సొరుగులోంచి తీసిన వస్తువులన్నీ సంచీలో వేశాడు, జిప్పు లాగాడు. నా వైపు చూడకుండానే చెప్పాడు.

"మొదాలు ఒక దినం రెంటిని ఒక్కతాన్నే పెట్టి చూసిన చెల్లె, మన పద్ధతి ప్రకారమే. మీ అత్త ముంగట వాళ్లది నిలవలె. సగం మంది కూడ స్కిప్ కొట్టలె. ఇన్నేండ్లల్ల గట్లాంటి రేటు నేను ఏ యాడ్‌కు చూడలె. అప్పుడే బంద్ చేసి, రెంటిని ఏరు చేసిన."

ఎన్నో వీడియోలు తీశాను ఆయన పక్కన కూర్చొని. ఒక్కసారైనా బాగుందంటాడేమోనని ప్రతిసారీ ఆయన ముఖం వైపు చూసేదాన్ని. అనేవాడు కాదు. ఆ పొద్దున అన్నాడు.